పొడవైన తెరపట్టు (ఆండ్రాయిడ్ టాబ్లెట్టు)

'''పొడవైన తెరపట్టు''' లేదా '''స్క్రోలింగ్ క్యాప్చర్''' అనగా టాబ్లెట్టు తెరపై ఒకేసారి పట్టని సంభాషణనో, వ్యాసాన్నో పైనుండి క్రిందికి జరుపుతూ, మొత్తాన్ని ఒకే నిలువు బొమ్మగా భద్రపరచే పద్ధతి. మామూలు తెరపట్టులో ఆ క్షణాన తెరపై కనిపించేది మాత్రమే బొమ్మగా మారుతుంది. పొడవైన తెరపట్టులో తెరకు దిగువన దాగి ఉన్న భాగం కూడా చేరుతుంది. ఇది పైకి ఒకే ఛాయాచిత్రంలా కనిపించినా, నిజానికి అనేక ముక్కలను కలిపి కుట్టిన బొమ్మ. ఈ పద్ధతిలో ఎదురయ్యే చాలా లోపాలు ఆ అతుకుల వద్దనే పుడతాయి. కనుక బొమ్మ ఎలా తయారవుతుందో తెలిసినవారికి, అందులో ఏది తప్పిపోయిందో కనిపెట్టడం తేలిక.

== చరిత్ర ==

పవర్ మీటను, శబ్దం తగ్గించే మీటను కలిపి నొక్కి తెరపట్టు తీసే సౌకర్యం ఆండ్రాయిడ్‌లో 2011లో వెలువడిన 4.0 సంచికతో వచ్చింది. పొడవైన తెరపట్టును మొదట కొందరు తయారీదారులు తమ ఉపకరణాలలో సొంతంగా చేర్చుకున్నారు. శాంసంగ్ సంస్థ 2015లో విడుదల చేసిన గెలాక్సీ నోట్ 5లో "Scroll capture" అన్న పేరుతో ఈ సౌకర్యం ఉండేది. తరువాత అది ఆ సంస్థ టాబ్లెట్లలోకి కూడా వచ్చింది. ఆండ్రాయిడ్ వ్యవస్థలోనే భాగంగా ఇది 2021లో వెలువడిన ఆండ్రాయిడ్ 12తో చేరింది. అక్కడ దీని బొత్తం పేరు "Capture more". అందువలన ఒక్కొక్క టాబ్లెట్టులో ఈ సౌకర్యం పేరు, గుర్తు, పనితీరు కొద్దిగా వేరుగా ఉంటాయి.

== పనిచేసే తీరు ==

పొడవైన బొమ్మను తయారు చేయడానికి ముఖ్యంగా రెండు మార్గాలు ఉన్నాయి.

మొదటిది కుట్టే పద్ధతి. టాబ్లెట్టు ముందుగా ఉన్న తెరను బొమ్మ తీస్తుంది. తరువాత వేలితో జరిపినట్లుగానే పేజీని కొంత పైకి జరిపి మరొక బొమ్మ తీస్తుంది. జరిపేటప్పుడు మొత్తం తెర మేరకు జరపదు. మొదటి బొమ్మలోని అడుగుభాగం రెండవ బొమ్మలో కూడా కనిపించేటట్లు కొంత మిగులుస్తుంది. ఈ ఉమ్మడి పట్టీ రెండు బొమ్మలలోనూ ఎక్కడ ఉన్నదో పోల్చి చూసి, ఆ చోట రెండింటినీ అతికిస్తుంది. పేజీ జరిగినా మార్పు లేకుండా అదే చోట ఉన్న వరుసలను, అంటే పైన ఉండే పేరు పట్టీని, క్రింద ఉండే వ్రాత పెట్టెను, కదలని భాగాలుగా గుర్తించి ఒక్కసారే ఉంచుతుంది.

రెండవది అనువర్తనాన్నే అడిగే పద్ధతి. ఆండ్రాయిడ్ 12 నుండి, తెరపై జరిగే భాగం ఏదో వ్యవస్థ వెదకి, "ఇంత ఎత్తునుండి ఇంత ఎత్తు వరకు ఉన్న భాగాన్ని గీసి ఇవ్వు" అని ఆ అనువర్తనాన్ని అడుగుతుంది. ఇందుకు ఏర్పరచిన ఒప్పందాన్ని ప్రోగ్రామర్లు `ScrollCaptureCallback` అంటారు. ముక్క ఎక్కడనుండి ఎక్కడి వరకు ఉన్నదో ముందే తెలుసు కనుక ఇక్కడ పోలికతో ఊహించవలసిన అవసరం తక్కువ. అయితే అనువర్తనం ఈ ఒప్పందానికి అనువుగా నిర్మించబడి ఉండాలి. లేకపోతే "Capture more" అన్న బొత్తమే కనిపించదు. బొత్తం కనిపించకపోవడాన్ని చూసి టాబ్లెట్టు చెడిపోయిందని అనుకోనక్కరలేదు. ఒక అనువర్తనంలో కనిపించని బొత్తం అదే టాబ్లెట్టులో మరొక అనువర్తనంలో కనిపించవచ్చు.

== తీసే విధానం ==

=== గెలాక్సీ టాబ్లెట్టులో ===

సంభాషణను తెరవగానే సాధారణంగా అది చివరి సందేశం వద్ద నిలిచి ఉంటుంది. పొడవైన తెరపట్టు మాత్రం పైనుండి క్రిందికే సాగుతుంది. కనుక ముందుగా కావలసిన మొదటి సందేశం వరకు పైకి వెళ్ళి ఆగాలి. కొత్తగా వాడేవారు తరచు మరచేది ఈ ఒక్క సంగతినే. ఆపై క్రింది వరుసలో చేయాలి.

# కీబోర్డు తెరచి ఉంటే మూసివేయాలి. తెరలో సగభాగాన్ని అదే ఆక్రమిస్తుంది.
# పవర్ మీటను, శబ్దం తగ్గించే మీటను ఒకేసారి నొక్కి వెంటనే వదలాలి. ఎక్కువసేపు పట్టుకుంటే తెరపట్టుకు బదులు వేరే పట్టిక తెరుచుకుంటుంది.
# తెర అడుగున కొన్ని క్షణాలపాటు ఒక చిన్న పట్టీ కనిపిస్తుంది. అందులో క్రిందికి చూపే జంట బాణాల గుర్తును నొక్కాలి.
# గుర్తును ఒకసారి నొక్కితే పేజీ ఒక మెట్టు జరుగుతుంది. నొక్కి పట్టుకుంటే ఆగకుండా జరుగుతూనే ఉంటుంది. కావలసిన చివరి సందేశం కనిపించగానే వేలు తీయాలి.
# పట్టీని వదిలి తెరపై మరొకచోట తాకితే బొమ్మ గ్యాలరీలో చేరుతుంది.

పట్టీ అసలే కనిపించకపోతే "Settings"లో "Advanced features" అన్న విభాగానికి వెళ్ళి, తెరపట్టులకు సంబంధించిన చోట, తీసిన తరువాత పట్టీని చూపే ఎంపికను ఆన్ చేయాలి. పట్టీ కనిపించి, జంట బాణాలు మాత్రం లేకపోతే, ఆ పేజీలో క్రిందికి జరగడానికి ఇంకేమీ లేదనో, జరిగే భాగాన్ని టాబ్లెట్టు గుర్తించలేదనో అర్థం.

=== ఇతర టాబ్లెట్లలో ===

2023లో వచ్చిన పిక్సెల్ టాబ్లెట్టు వంటి వాటిలో అవే రెండు మీటలు నొక్కిన తరువాత "Capture more" అన్న బొత్తం వస్తుంది. దీనిని నొక్కితే పేజీ చిన్నదిగా కనిపిస్తుంది. దాని అంచులను వేలితో లాగి, బొమ్మ ఎక్కడ మొదలై ఎక్కడ ముగియాలో నిర్ణయించుకోవచ్చు. గెలాక్సీలో మెట్టుమెట్టుగా పోతూ ఆపుతారు. ఇక్కడ ముందుగా తీసిన భాగం నుండి కావలసినంత కత్తిరించుకుంటారు. ఇక్కడ ఒకసారికి తీయగల పొడవు కొన్ని తెరల మేర మాత్రమే ఉంటుంది కనుక, పెద్ద సంభాషణను కొన్ని భాగాలుగా తీయవలసి వస్తుంది.

== ఉదాహరణ ==

ఒక అద్దె ఇంటిని ఖాళీ చేసిన విద్యార్థి, అడ్వాన్సు తిరిగి ఇచ్చే విషయమై ఇంటి యజమానితో వాట్సాప్‌లో జరిపిన సంభాషణను ఊరిలో ఉన్న తండ్రికి పంపదలచాడని అనుకుందాం. టాబ్లెట్టు తెర నిలువుగా పట్టుకున్నప్పుడు వెడల్పు 1200, ఎత్తు 1920 పిక్సెళ్ళు. పైన ఉండే పేరు పట్టీ, క్రింద ఉండే వ్రాత పెట్టె పోగా సందేశాలు కనిపించే భాగం సుమారు 1500 పిక్సెళ్ళు. ప్రతి మెట్టుకు పేజీ 1200 పిక్సెళ్ళు జరిగిందనుకుంటే, మిగిలిన 300 పిక్సెళ్ళు ముందు ముక్కకూ వెనుక ముక్కకూ ఉమ్మడిగా ఉండే పట్టీ.

మొదటి తెర తరువాత తొమ్మిది మెట్లు జరిగితే మొత్తం ఎత్తు 1920కి 9 సార్లు 1200 కలిపి 12,720 పిక్సెళ్ళు అవుతుంది. అంటే బొమ్మలో మొత్తం సుమారు 1 కోటి 53 లక్షల పిక్సెళ్ళు ఉంటాయి. ఒక్కొక్క పిక్సెలుకు 4 బైట్లు చొప్పున, బొమ్మను సవరించేటప్పుడు టాబ్లెట్టు జ్ఞాపకశక్తిలో సుమారు 61 మెగాబైట్లు పడుతుంది. తక్కువ జ్ఞాపకశక్తి గల టాబ్లెట్టులో మరీ పొడవైన బొమ్మను తెరవబోతే అనువర్తనం నెమ్మదించడానికి, ఒక్కోసారి మూతపడడానికి కారణం ఇదే. జేపెగ్ రూపంలో దాచేటప్పుడు మరొక హద్దు కూడా ఉన్నది. ఆ ఫైలులో ఏ వైపైనా 65,535 పిక్సెళ్ళకు మించరాదు. మన ఉదాహరణలోని బొమ్మ ఈ హద్దుకు చాలా లోపలే ఉన్నది.

ఇంతవరకు అంతా సవ్యమే. కాని విద్యార్థి ఈ బొమ్మను మామూలు ఫొటోగా పంపితే, తండ్రి ఫోనులో అక్షరాలు చదవడానికి వీలులేని మసకగా కనిపించవచ్చు. దీనికి కారణం "పంపేటప్పుడు" అన్న విభాగంలో చూడవచ్చు.

== లోపాలు, గుర్తించే విధానం ==

బొమ్మ తీయగానే సంభాషణను అలాగే తెరచి ఉంచి, బొమ్మను పైనుండి క్రిందికి ఒకసారి చదివి పోల్చడం అవసరం. సంభాషణను తొలగించిన తరువాత లోపం కనబడినా సరిదిద్దడానికి వీలుండదు.

'''తప్పిపోయిన లేదా రెండుసార్లు వచ్చిన సందేశాలు.''' కుట్టే పద్ధతిలో ఉమ్మడి పట్టీ స్పష్టంగా గుర్తింపు పొందాలి. వరుసగా నాలుగైదు సందేశాలు "సరే", "సరే" అని ఒకే రూపంలో ఉంటే, ఏ "సరే" ఏదో పోల్చడంలో పొరపాటు జరగవచ్చు. అప్పుడు ఒక సందేశం మాయమవుతుంది, లేదా రెండుసార్లు కనిపిస్తుంది. దీనిని పట్టుకోవడానికి మంచి ఆధారం ప్రతి సందేశం ప్రక్కన ఉండే సమయం. 10:42 తరువాత 10:51 వచ్చి, మరల 10:42 కనిపిస్తే అది అతుకు తప్పిన చోటు. సగం కోసినట్లున్న అక్షరాల వరుస కూడా ఇదే లోపానికి గుర్తు.

'''తీస్తుండగా వచ్చిన మార్పు.''' మధ్యలో కొత్త సందేశం వచ్చినా, కదిలే బొమ్మ ఆడుతున్నా రెండు ముక్కల ఉమ్మడి పట్టీలు ఒకదానితో ఒకటి సరిపోవు. తీసేముందు వై-ఫైని, మొబైల్ డేటాను ఆపివేస్తే కొత్త సందేశాల చిక్కు ఉండదు. అయితే ఆపడానికి ముందే పాత సందేశాలు, చిత్రాలు తెరపైకి వచ్చి ఉండాలి.

'''నేపథ్య చిత్రం.''' వాట్సాప్ సంభాషణ వెనుక ఉండే నేపథ్య చిత్రం సందేశాలతోపాటు జరగదు, నిలిచే ఉంటుంది. అందువలన అతికించిన చోట్ల నేపథ్యం తెగినట్లు కనిపిస్తుంది. సందేశాలు సరిగానే ఉంటే ఇది లోపం కాదు. కాని చూసేవారికి బొమ్మను ఎవరో మార్చినట్లు అనుమానం కలగవచ్చు. తీసేముందు ఒకే రంగు గల నేపథ్యానికి మార్చుకుంటే ఈ తెగుళ్ళు కనిపించవు.

'''తేలియాడే తేదీ.''' పేజీని జరిపేటప్పుడు పైభాగాన తేదీ చూపే చిన్న పెట్టె తేలి కనిపిస్తుంది. అది కొన్నిసార్లు బొమ్మ నడిమధ్యలో ముద్రపడుతుంది. ఒక రోజు సందేశాల నడుమ అదే తేదీ మరల కనిపిస్తే అది ఈ పెట్టె మాత్రమే, కొత్త రోజు కాదు.

'''మడిచిన సందేశాలు.''' చాలా పొడవైన సందేశాన్ని వాట్సాప్ పూర్తిగా చూపదు. చివర "Read more" అని ఉంటుంది. దానిని ముందుగా నొక్కి విప్పకపోతే మిగిలిన భాగం బొమ్మలోకి రాదు. అసలు విషయం ఆ మడతలోనే ఉండిపోయిన సందర్భాలు తక్కువేమీ కాదు.

'''ఖాళీ చట్రాలు.''' చాలా వెబ్ వ్యాసాలలో చిత్రాలు చదువరి వాటి దగ్గరకు చేరినప్పుడే దిగుమతి అవుతాయి. తెరపట్టు వేగంగా సాగిపోతే చిత్రం ఉండవలసిన చోట బూడిదరంగు చట్రం మిగులుతుంది. ముందుగా వ్యాసాన్ని చివరివరకు నెమ్మదిగా జరిపి, అన్ని చిత్రాలు వచ్చిన తరువాత మరల పైకి వచ్చి తీయడం దీనికి ఉపాయం.

'''రెండు అరల తెర.''' టాబ్లెట్టుకే ప్రత్యేకమైన చిక్కు ఇది. తెర వెడల్పుగా ఉన్నందున కొన్ని అనువర్తనాలు ఎడమవైపు సంభాషణల జాబితాను, కుడివైపు తెరచిన సంభాషణను ప్రక్కప్రక్కన చూపుతాయి. అప్పుడు జరిగే భాగాలు రెండు. టాబ్లెట్టు జాబితాను ఎన్నుకుంటే కావలసిన సంభాషణకు బదులు ఇతరుల పేర్ల వరుస బొమ్మలోకి వస్తుంది. సంభాషణనే ఎన్నుకున్నా, ప్రక్క అరలోని పేర్లు, సందేశాల మొదటి వరుసలు బొమ్మలో పడవచ్చు. టాబ్లెట్టును నిలువుగా పట్టుకోవడమో, ప్రక్కప్రక్కన చూపే ఏర్పాటును అనువర్తనంలో ఆపడమో చేయాలి. వీలుకాకపోతే పంపేముందు ఆ అరను కత్తిరించాలి.

== పంపేటప్పుడు ==

సందేశాల అనువర్తనాలు ఫొటోను పంపేముందు దాని పొడవైన అంచును ఒక హద్దుకు కుదిస్తాయి. మామూలు ఛాయాచిత్రానికి దీనివలన పెద్ద నష్టం లేదు. పొడవైన తెరపట్టుకు మాత్రం నష్టం ఎక్కువ. పై ఉదాహరణలోని 12,720 పిక్సెళ్ళ ఎత్తును 1600కు కుదించారనుకుంటే, అదే నిష్పత్తిలో వెడల్పు 1200 నుండి సుమారు 150 పిక్సెళ్ళకు పడిపోతుంది. 40 పిక్సెళ్ళ ఎత్తున్న అక్షరం 5 పిక్సెళ్ళు అవుతుంది. ఆంగ్ల అక్షరాలను ఆ స్థితిలో కష్టపడి ఊహించవచ్చునేమో గాని, తెలుగులో గుడులు, కొమ్ములు, వత్తులు పూర్తిగా చెరిగిపోతాయి. "ఇస్తాను" అన్నారో "ఇస్తారు" అన్నారో తేల్చడం సాధ్యం కాదు. తరువాత ఎంత పెద్దది చేసి చూసినా పోయిన వివరం తిరిగి రాదు.

కనుక ఇటువంటి బొమ్మను ఫొటోగా కాక డాక్యుమెంటుగా జతచేసి పంపాలి. అప్పుడు ఫైలు ఉన్నది ఉన్నట్లు చేరుతుంది. మరొక మార్గం, సంభాషణను మూడు నాలుగు తెరల చొప్పున భాగాలుగా తీసి, ఒక్కొక్క భాగం ముందు భాగపు చివరి సందేశంతోనే మొదలయ్యేటట్లు చూడడం. అప్పుడు మధ్యలో ఏదీ విడిచిపెట్టలేదని చదివేవారికి తెలుస్తుంది.

ఎంపిక ఉన్న టాబ్లెట్లలో జేపెగ్‌కు బదులు పీఎన్‌జీ రూపాన్ని ఎంచుకోవడం అక్షరాలకు మేలు. జేపెగ్ కుదింపులో అక్షరాల అంచుల చుట్టూ మరకలు ఏర్పడతాయి. పీఎన్‌జీలో అలా జరగదు గాని ఫైలు పెద్దది కావచ్చు.

== పరిమితులు ==

కొన్ని అనువర్తనాలు తెరపట్టునే నిషేధిస్తాయి. అనువర్తనం తన తెరకు `FLAG_SECURE` అన్న గుర్తును పెట్టుకుంటే ఆండ్రాయిడ్ వ్యవస్థ ఆ తెరను బొమ్మ తీయనివ్వదు. బ్యాంకు అనువర్తనాలు, క్రోమ్ బ్రౌజరులోని అజ్ఞాత పుటలు ఇందుకు ఉదాహరణలు. మామూలు తెరపట్టు రాని చోట పొడవైన తెరపట్టు కూడా రాదు.

బొమ్మలో చేరేది రూపం మాత్రమే. ధ్వని సందేశం ఒక గీతగా, వీడియో ఒక చిన్న చిత్రంగా మిగులుతాయి. లంకెలు నొక్కడానికి పనిచేయవు. ఒక వ్యాసాన్ని చదువుకొనేందుకు భద్రపరచదలిస్తే, బ్రౌజరులోని ముద్రణ ఎంపిక ద్వారా పీడీఎఫ్‌గా దాచడం సాధారణంగా మేలు. అది పేజీలుగా విడిపోతుంది, మామూలుగా అక్షరాలలో వెదకడానికి కూడా వీలుంటుంది. ఈ ఏర్పాటు ఆండ్రాయిడ్‌లో 2013లో వచ్చిన 4.4 సంచిక నుండి ఉన్నది. వాట్సాప్ సంభాషణకైతే "Export chat" అన్న ఎంపిక ద్వారా సందేశాలను అక్షరాల ఫైలుగా పొందవచ్చు.

వివాదంలో ఆధారంగా చూపవలసి వచ్చినప్పుడు మరికొన్ని సంగతులు గమనించాలి. సంభాషణ పైభాగాన కనిపించే పేరు తరచు టాబ్లెట్టు యజమాని తాను దాచుకున్న పేరే గాని ఎదుటివారి గుర్తింపు కాదు. ఆ పేరు ఎవరైనా ఎలాగైనా మార్చుకోవచ్చు. కనుక ఆ వ్యక్తి ఫోను సంఖ్య కనిపించే వివరాల పుటను కూడా వేరుగా తెరపట్టు తీసి జతపరచాలి. సందేశాల తేదీలు బొమ్మలో ఉండేటట్లు చూడాలి. కత్తిరించని మూల బొమ్మను మార్చకుండా ఉంచి, సవరణలను దాని ప్రతిపైనే చేయాలి.

అన్నిటికంటే ముఖ్యంగా, బొమ్మ తీశాము గదా అని అసలు సంభాషణను తొలగించరాదు. బొమ్మను మార్చడం సులభం కనుక, ఎదుటివారు కాదన్నప్పుడు పోల్చి చూడడానికి మూలం ఉండాలి. భారతదేశంలో 2024 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం, 2023 లోని 63వ సెక్షను ప్రకారం, ఎలక్ట్రానిక్ రికార్డు ప్రతిని న్యాయస్థానంలో దాఖలు చేసేటప్పుడు నిర్ణీత నమూనాలో ధ్రువపత్రం జతచేయవలసి ఉంటుంది. అంతకుముందు 1872 నాటి సాక్ష్య చట్టంలోని 65బి సెక్షను ఇటువంటి నియమాన్నే విధించేది. పై ఉదాహరణలోని విద్యార్థికి, తండ్రికి విషయం తెలియజేయడానికి పొడవైన బొమ్మ చాలు. అడ్వాన్సు వ్యవహారం న్యాయస్థానం వరకు వెళితే మాత్రం ఆ సంభాషణ ఉన్న టాబ్లెట్టు కూడా అతని వద్ద ఉండాలి.

== ఇవి కూడా చూడండి ==

* తెరపట్టు
* ఆండ్రాయిడ్
* జేపెగ్
* పీడీఎఫ్